ముప్ఫై పాయింట్లలో చేతికి మిగిలేదెంత? వేగంగా తిరిగే స్ట్రాటజీకి ఖర్చులు, పన్నుల లెక్క

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ పూట ఒకే ఒక స్ట్రాటజీని బల్ల మీద పెట్టుకుందాం. దాని బ్యాక్‌టెస్ట్ చూపించే లాభం నుంచి ఒక్కొక్క ఖర్చూ తీసేస్తూ చివరికి ఏం మిగులుతుందో చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను అనుకున్నవి. ఏ దేశం, ఏ కరెన్సీ అన్నది మనకు అక్కర్లేదు. మీ మార్కెట్ అంకెలు మీరు వేసుకోండి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు.

స్ట్రాటజీ ఇది. గత కొద్ది రోజుల్లో తోటి షేర్ల కంటే బాగా పడినవాటిని కొంటాం, కోలుకున్నాక అమ్ముతాం. ఎప్పుడూ చేతిలో 20 షేర్లు ఉంటాయి, అన్నింటిలో సమానంగా. పెట్టుబడి ఒక కోటి, అంటే ఒక్కో షేరులో ఐదు లక్షలు. సగటున రెండు రోజులు ఉంచుకుంటాం. అంటే రోజూ పది షేర్లు బయటికి వెళ్తాయి, కొత్తవి పది లోపలికి వస్తాయి. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులనుకుంటే మొత్తం పెట్టుబడి 125 సార్లు తిరుగుతుంది. కొని, అమ్మి, మళ్లీ కొని, మళ్లీ అమ్మి, 125 సార్లు. ఈ 125ని గుర్తు పెట్టుకోండి. ఇవాళ్టి ప్రతి లెక్కలోనూ ఇది వస్తుంది.

బ్యాక్‌టెస్ట్ ఏమంటోంది? ఒక్కో ట్రేడుకు, అంటే కొనుగోలు నుంచి అమ్మకం దాకా, సగటున 41 బేసిస్ పాయింట్ల లాభం అంటోంది. శాతంలో నూరో వంతు ఒక బేసిస్ పాయింట్. ఇకపై పాయింట్ అనే అంటాను. 41ని 125తో గుణిస్తే ఏడాదికి 51 శాతం. చక్రవడ్డీ కలపకుండా, ఉత్త కూడిక. ఇంత వస్తుంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా?

చాలామంది ఇక్కడ ఖర్చు కోసం ఒక గీత గీస్తారు. టర్నోవర్ ఇంత, దాన్ని ఐదు పాయింట్లతో గుణించి తీసేద్దాం, అయిపోయింది అంటారు. ఏ టర్నోవర్ అండీ? మన స్ట్రాటజీలో రోజుకి సగం పెట్టుబడి అమ్ముతున్నాం, సగం కొంటున్నాం. ఒకరు దీన్ని 50 శాతం టర్నోవర్ అంటారు, ఇంకొకరు 100 శాతం అంటారు. ఇద్దరిదీ తప్పు కాదు. కానీ 50 శాతం అన్నవాళ్లు ఒకవైపు ఖర్చుతో గుణిస్తే సగం ఖర్చు గాలికి పోతుంది. 125 సార్లు తిరిగే చోట సగం ఖర్చు పోయిందంటే స్ట్రాటజీ బతుకు, చావు తేలిపోయినట్టే. అందుకే టర్నోవర్‌తో గుణించే పద్ధతే వద్దంటాను. సిమ్యులేటర్‌లో ప్రతి ఆర్డర్ మీదా, అది కొనుగోలైనా అమ్మకమైనా, ఆ ఆర్డర్ ఖర్చు ఆ ఆర్డర్‌కే రాయండి. దానికి ఇంకో కారణం కూడా ఉంది, కాసేపట్లో వస్తాను.

ముందు ధర సంగతి

ఫీజుల కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ 41 పాయింట్లు అసలు ఏ ధర దగ్గర కొని, ఏ ధర దగ్గర అమ్మితే వచ్చాయి?

మన బ్యాక్‌టెస్ట్ క్లోజింగ్ ధర చూసి సిగ్నల్ లెక్కకట్టింది, అదే క్లోజింగ్ ధరకు కొన్నట్టు రాసుకుంది. క్లోజింగ్ ధర తెలిసేటప్పటికి మార్కెట్ మూసేశారు. మరి ఎవరి దగ్గర కొన్నాం? ఇది అందరికీ తెలిసిన తప్పే, అయినా కోడ్‌లో ఒక్క `shift` మర్చిపోతే వచ్చేస్తుంది. పడిన షేర్లను కొనే స్ట్రాటజీలో మాత్రం దీని వెనక ఇంకో తప్పు దాక్కుని ఉంటుంది. అది కాస్త నెమ్మదిగా చూడాలి.

ఒక షేరుకు బిడ్ 99.98, ఆస్క్ 100.02 అనుకోండి. మధ్య ధర 100, స్ప్రెడ్ నాలుగు పాయింట్లు. ఇవాళ ఆఖరి ట్రేడు ఎవరో అమ్మితే జరిగింది, అంటే బిడ్ దగ్గర, 99.98కి. రేపు ఆఖరి ట్రేడు ఎవరో కొంటే జరిగింది, ఆస్క్ దగ్గర, 100.02కి. ఆ షేరు విలువ గురించి ఎవరి అభిప్రాయమూ మారలేదు. మధ్య ధర ఇవాళా 100, రేపూ 100. కానీ బ్యాక్‌టెస్ట్ ఏం రాసుకుంది? 99.98కి కొన్నాం, 100.02కి అమ్మాం, నాలుగు పాయింట్ల లాభం. అసలు మార్కెట్‌లో అయితే మనం 100.02కి కొని 99.98కి అమ్మేవాళ్లం. నాలుగు పాయింట్ల నష్టం. తేడా ఎనిమిది.

దీన్ని బిడ్-ఆస్క్ బౌన్స్ అంటారు. ఒక్కోసారి ఇటు, ఒక్కోసారి అటు, సగటున సరిపోతుంది కదా అని మీరనవచ్చు. యాదృచ్ఛికంగా షేర్లు ఏరితే సరిపోతుంది. మనం అలా ఏరడం లేదు. ఇవాళ బాగా పడినవాటిని ఏరుతున్నాం. ఆఖరి ట్రేడు బిడ్ దగ్గర జరిగిన షేరు, ఆస్క్ దగ్గర జరిగిన షేరు కంటే కొంచెం ఎక్కువ పడినట్టు కనిపిస్తుంది. కాబట్టి మన జాబితాలోకి బిడ్ దగ్గర ముగిసినవే ఎక్కువగా వస్తాయి. అవి మర్నాడు సగటున మధ్య ధరకు తిరిగి వస్తాయి. అంటే లేని లాభాన్ని వెతికి పట్టుకునే యంత్రం తయారు చేశామన్నమాట. ఈ బౌన్స్ వల్ల వరుస ధరల మార్పుల మధ్య రుణాత్మక సంబంధం పుడుతుందని, దాన్నుంచి స్ప్రెడ్‌నే అంచనా వేయవచ్చని రిచర్డ్ రోల్ 1984లోనే చూపించాడు. స్ప్రెడ్ నాలుగు పాయింట్లున్న పెద్ద షేర్లలో ఇది చిన్న విషయమే. స్ప్రెడ్ 30 పాయింట్లుండే పలచటి షేర్లను జాబితాలో చేర్చి చూడండి, లాభం అమాంతం పెరుగుతుంది. చిన్న షేర్లలో మా స్ట్రాటజీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది అని ఎవరైనా అంటే, మొదట అనుమానించాల్సింది ఇదే.

పరీక్ష తేలిక. బిడ్, ఆస్క్ డేటా ఉంటే సిగ్నల్‌నూ ఫిల్‌నూ, అంటే ఆర్డర్ నెరవేరిన ధరనూ, మధ్య ధరతో మళ్లీ నడపండి. లాభం ఎంత తగ్గిందో అంత బౌన్స్. కోట్ డేటా లేకపోతే, ఇవాళ్టి క్లోజింగ్‌తో సిగ్నల్ కట్టి, మర్నాడు మొదటి అరగంట సగటు ధరకు ఫిల్ వేయండి. సిగ్నల్‌లో వాడిన ట్రేడు ధర ఫిల్‌లో లేదు కాబట్టి బౌన్స్ చాలావరకు పోతుంది. క్లోజింగ్ ఆక్షన్ ఉన్న మార్కెట్లలో బౌన్స్ తక్కువే. అక్కడ ఆక్షన్‌లోనే కొనాలనుకుంటే ఆక్షన్‌కు కొన్ని నిమిషాల ముందు ధరతో సిగ్నల్ కట్టాలి, ఆక్షన్ ధరతో కాదు.

మన ఉదాహరణలో అలా చేస్తే 41 కాస్తా 30 అయ్యిందనుకుందాం. కొంత బౌన్స్, కొంత రాత్రికి రాత్రి ధర తిరిగిపోవడం. ఏడాదికి 51 శాతం కాదు, 37.5 శాతం. ఇంకా ఒక్క పైసా ఖర్చు కూడా తీయలేదు, గమనించండి.

ఇప్పుడు ఖర్చులు

కచ్చితంగా తెలిసిన ఖర్చులతో మొదలుపెడదాం. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ ఫీజు అన్నీ కలిపి ఒకవైపు ఒకటిన్నర పాయింట్. దానికి తోడు అమ్మేటప్పుడు లావాదేవీ పన్ను మూడు పాయింట్లు. కొనుగోలుకు 1.5, అమ్మకానికి 4.5, మొత్తం ఆరు. ఈ పన్ను దేశాన్ని బట్టి ఒక్కోలా ఉంటుంది, ఒక్కోచోట ఒక్కో వైపున పడుతుంది. బ్రిటన్‌లో షేర్ల కొనుగోలు మీద సాధారణంగా అర శాతం, అంటే 50 పాయింట్లు. మన 30 పాయింట్ల స్ట్రాటజీ అక్కడ మొదటి ఆర్డర్‌కే మునిగిపోతుంది. అలాంటి చోట ఇక సిగ్నల్‌ను మెరుగుపరుస్తూ కూర్చోవడం దండగ.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ కనిపిస్తాయి. ఒకటి, కనీస రుసుము. ఆర్డర్‌కు కనీసం 100 వసూలు చేసే బ్రోకర్ అనుకోండి. ఐదు లక్షల ఆర్డర్ మీద అది రెండు పాయింట్లు. అదే వాటాలు సమానం చేయడానికి సిమ్యులేటర్ వేసే యాభై వేల చిన్న ఆర్డర్ మీద? ఇరవై పాయింట్లు. ఇలాంటి చిల్లర ఆర్డర్లు రోజూ పుట్టుకొస్తుంటాయి. శాతంలో మాత్రమే ఖర్చు రాస్తే ఇవి కంటికి కనపడవు. రెండోది, తేదీ. ఇవాళ్టి ఫీజులు, ఇవాళ్టి స్ప్రెడ్ తీసుకెళ్లి ఇరవై ఏళ్ల కిందటి ట్రేడుకు తగిలించడం. అమెరికాలో 2001 వరకు ధరలు భిన్నాల్లో ఉండేవి, 1997 నుంచి చాలా షేర్లకు ధర కదిలే కనీస మెట్టు డాలర్‌లో పదహారో వంతు, అంతకుముందు ఇంకా పెద్దది. 20 డాలర్ల షేరు మీద ఆ పదహారో వంతు ఒక్కటే 31 పాయింట్లు. అంతకంటే చిన్న స్ప్రెడ్ కోట్ అయ్యే వీలే లేదు. ఆ తర్వాత మెట్టు ఒక సెంట్‌కు దిగింది. 1990లలో అద్భుతంగా కనిపించే చాలా రివర్సల్ బ్యాక్‌టెస్టులు ఆ మెట్టును మర్చిపోయినవే. ఫీజులకు, టిక్ సైజులకు అమల్లోకి వచ్చిన తేదీతో ఒక పట్టిక పెట్టుకోండి, ఆర్డర్ తేదీని బట్టి అందులోంచి తీయండి.

ఇక స్ప్రెడ్. మధ్య ధర నుంచి కొలుస్తున్నాం కాబట్టి ఒక్కోవైపు సగం స్ప్రెడ్ ఇస్తాం. నాలుగు పాయింట్ల స్ప్రెడ్ అయితే రెండు, రెండు. కానీ ఆ నాలుగు ఎప్పటి నాలుగు? రోజంతా సగటు నాలుగు ఉండొచ్చు. మనం కొనేది మార్కెట్ తెరిచిన మొదటి అరగంటలో, అప్పుడు స్ప్రెడ్ వెడల్పుగా ఉంటుంది. పైగా మనం కొనేది నిన్న బాగా పడిన షేరును. అలాంటి రోజుల్లో అది ఇంకా వెడల్పవుతుంది. మన సిగ్నల్ ఎప్పుడు గట్టిగా ఉంటుందో ఖర్చూ అప్పుడే గట్టిగా ఉంటుంది. ఆర్డర్ స్థాయిలో ఖర్చు రాయమన్నది ఇందుకే. షేరు సగటు స్ప్రెడ్ కాదు, మనం నిజంగా ట్రేడు చేసిన షేర్లలో, ఆ రోజుల్లో, ఆ అరగంటలో స్ప్రెడ్ సగటు తీయండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మన ఉదాహరణలో నాలుగు అన్నది అలా కొలిచిన నాలుగే అనుకుందాం.

ముప్ఫైలో ఆరు ఫీజులకు, నాలుగు స్ప్రెడ్‌కు పోయాయి. ఇరవై మిగిలాయి. ఏడాదికి 25 శాతం. చాలా బ్యాక్‌టెస్టులు ఇక్కడితో ఆగిపోతాయి.

మిగిలింది మన ఆర్డరే ధరను కదిపే ఖర్చు, మార్కెట్ ఇంపాక్ట్. దీనికి ఎక్కువగా వాడేది వర్గమూల సూత్రం. తెర మీద ఉంది చూడండి.

```python
def side_cost_bps(order_value, adv, sigma_bps,
                  spread_bps, fee_bps, Y=0.7):
    part = order_value / adv
    impact = Y * sigma_bps * part ** 0.5
    return fee_bps + spread_bps / 2 + impact
```

`adv` అంటే ఆ షేరులో సగటున రోజుకు చేతులు మారే విలువ. `sigma_bps` రోజువారీ ఒడిదుడుకులు. `Y` అన్నది మన ఫిల్స్ నుంచి మనమే తేల్చుకోవాల్సిన గుణకం, సాధారణంగా ఒకటికి అటూ ఇటూ ఉంటుంది. నేను 0.7 వేశాను. షేరులో రోజుకు 50 కోట్ల వ్యాపారం, ఒడిదుడుకులు రెండు శాతం, అంటే 200 పాయింట్లు అనుకుందాం. మన ఆర్డర్ ఐదు లక్షలు, 50 కోట్లలో వెయ్యో వంతు. వెయ్యో వంతుకు వర్గమూలం 0.0316. దాన్ని 200తో, 0.7తో గుణిస్తే 4.4 పాయింట్లు. రెండువైపులా కలిపి దాదాపు తొమ్మిది.

అంటే 20లోంచి 8.9 పోయి 11.1 మిగిలాయి. ఏడాదికి 13.9 శాతం. 51తో మొదలయ్యాం, 13.9 దగ్గర ఉన్నాం.

వర్గమూలం కదా, నెమ్మదిగా పెరుగుతుందిలే అని ధైర్యపడకండి. పెట్టుబడి నాలుగు కోట్లు చేస్తే ఇంపాక్ట్ రెండింతలై 17.7 అవుతుంది. ట్రేడుకు మిగిలేది 2.3 పాయింట్లు, ఏడాదికి 2.9 శాతం. పది కోట్లు చేస్తే ఇంపాక్ట్ ఒక్కటే 28 పాయింట్లు. ట్రేడుకు ఎనిమిది పాయింట్ల నష్టం, ఏడాదికి పది శాతం నష్టం. అదే సిగ్నల్, అవే షేర్లు. కాబట్టి ఈ స్ట్రాటజీ లాభం ఎంత అన్న ప్రశ్నకు, ఎంత పెట్టుబడితో అని తిరిగి అడగకుండా జవాబు లేదు.

ఇంకోటి చూడండి. `Y` విషయంలో మనం రెండింతలు పొరబడ్డామనుకోండి, 0.7 కాదు, 1.4 అని తేలింది. పెట్టుబడి నాలుగింతలు చేసినట్టే ఫలితం, అదే 2.9 శాతం. అందుకే ఇంపాక్ట్‌ను ఒకే అంకెతో నడపకండి. సగం, ఒకటి, ఒకటిన్నర, రెండింతలు, ఈ నాలుగింటితో నడిపి చూడండి. మన కేసులో ఒకటిన్నర దగ్గర 8.4 శాతం వస్తుంది, అంటే బతికింది. రెండింతల దగ్గర ఊపిరి మాత్రమే మిగిలింది.

సూత్రానికి హద్దులున్నాయి. మన ఆర్డర్ మొత్తం మొదటి వరుసలో ఉన్న పరిమాణంలోనే ఇమిడిపోతే సగం స్ప్రెడ్ తప్ప వేరే ఖర్చు పెద్దగా ఉండదు, అక్కడ సూత్రం ఎక్కువ చెబుతుంది. రోజు వ్యాపారంలో పెద్ద భాగాన్ని మనమే కొనేస్తుంటే మాత్రం అది చెప్పేదాన్ని నమ్మకండి. అలాంటి ఆర్డర్లకు ఒక పరిమితి పెట్టి, మిగిలిన భాగాన్ని మర్నాటికి తోయడమో వదిలేయడమో చేయండి. ఇంకా, `adv`లో ఆ రోజు వ్యాపారం వేయకండి. ఉదయం కొనేటప్పుడు సాయంత్రం దాకా ఎంత వ్యాపారం జరగబోతోందో మనకు తెలియదు. గత 20 రోజుల మీడియన్ వాడండి. సగటు కంటే మీడియన్ ఎందుకంటే, ఏదో ఒక్క రోజు పెద్ద బ్లాక్ డీల్ జరిగితే సగటు ఉబ్బిపోయి మన ఖర్చు తక్కువగా కనిపిస్తుంది.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించేది. ఈ ఖర్చును చివర్లో తీసేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. స్ట్రాటజీ నిర్ణయం తీసుకునేటప్పుడే అది కనపడాలి. మన నిబంధన ఏమిటి? బాగా పడినవాటి జాబితాలో మొదటి 20లో ఉన్నవి ఉంచు, లేనివి అమ్ము. 20వ ర్యాంకు నుంచి 21కి జారిన షేరును 19 పాయింట్లు ఖర్చు పెట్టి మారుస్తున్నాం. ఆ రెండు షేర్ల మధ్య ఆశించే లాభంలో తేడా ఎంత ఉంటుంది? ఒకటో అరో పాయింటు. దానికి 19 ఖర్చా? కొనడానికి మొదటి 20లోకి రావాలి, అమ్మడానికి మాత్రం 40 దాటి జారాలి అని మార్చండి. 125 సార్లు తిరిగేది 70 సార్లు అయ్యిందనుకుందాం. ఎక్కువ రోజులు ఉంచుకుంటున్నాం కాబట్టి ట్రేడుకు మొత్తం లాభం 30 నుంచి 42కి పెరిగింది. ఖర్చులకు ముందు చూస్తే ఇది నష్టమే, 37.5 శాతం నుంచి 29.4కి పడింది. ఖర్చు 18.9 తీశాక? ట్రేడుకు 23.1, డెబ్భై సార్లకు 16.2 శాతం. 13.9 కంటే మెరుగు. ఖర్చు లేని బ్యాక్‌టెస్టులో ఈ మార్పును ఎవరూ ఎంచుకోరు. ఆ 40 అన్న అంకెను మాత్రం 37, 38, 39 అంటూ తిప్పి తిప్పి ఏరకండి. చుట్టుపక్కల అంకెలన్నీ దాదాపు ఒకే ఫలితం ఇస్తేనే దాన్ని నమ్మండి.

పన్నులు

పన్ను లెక్కలో చాలామంది చివరి లాభాన్ని 0.75తో గుణించి వదిలేస్తారు. పన్ను రేటు 25 శాతం అనుకుంటే 13.9 కాస్తా 10.4. ఏటా లాభమే వస్తే ఇది పెద్ద తప్పేం కాదు. ఇంకొందరు ఇంకో చివరకు వెళ్లి లాభం వచ్చిన ప్రతి ట్రేడు నుంచీ 25 శాతం తీసేస్తారు, నష్టాలను పట్టించుకోరు. అలా చేస్తే ఏ స్ట్రాటజీ మిగలదు. రెండూ వదిలేయండి. పన్ను సంవత్సరం పొడవునా రియలైజ్ అయిన లాభనష్టాలు కలిపి, నికర మొత్తం మీద లెక్కకట్టి, కట్టాల్సిన తేదీన నగదులోంచి తీయండి. ఆ నగదు కోసం షేర్లు అమ్మాల్సి వస్తే ఆ అమ్మకానికీ ఖర్చు పడాలి.

ఎందుకింత పట్టింపు? మూడేళ్ల ఉదాహరణ తీసుకుందాం. 100తో మొదలు. మొదటి ఏడాది 40 శాతం లాభం, రెండో ఏడాది 30 శాతం నష్టం, మూడో ఏడాది 20 శాతం లాభం. పన్ను లేకపోతే చివరికి 117.6. ఇప్పుడు పన్నుతో. మొదటి ఏడాది చివర 140, అందులో 10 పన్ను, మిగిలింది 130. రెండో ఏడాది 39 నష్టం, 91కి వచ్చాం. కట్టిన పది ఎవరూ వెనక్కివ్వరు. నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనిస్తారంతే. మూడో ఏడాది 18.2 లాభం, పాత నష్టంతో చెల్లు, పన్ను సున్నా. చివరికి 109.2. మూడేళ్లలో ట్రేడింగ్ లాభం మొత్తం 19.2, కట్టిన పన్ను 10. రేటు 25 శాతమే, పడిన భారం 52 శాతం. నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనివ్వని చోటైతే మూడో ఏడాది ఇంకో నాలుగున్నర పోయి 104.65 మిగులుతుంది. ఈ తేడా సగటు లాభంలో కనపడదు, ఏడాదికేడాది ఒడిదుడుకుల్లో ఉంటుంది. చివరి అంకెను 0.75తో గుణించేవాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు.

రెండో సంగతి, ఏ ఖర్చును లాభంలోంచి తీసేయనిస్తారు అన్నది. కొన్ని నిబంధనల కింద లావాదేవీ పన్నును ఖర్చుగా చూపనివ్వరు. మన స్ట్రాటజీలో అమ్మకం మీద మూడు పాయింట్లు, 125 సార్లకు 3.75 శాతం. అది తీయనివ్వకపోతే చేతిలో లాభం 13.9 అయినా పన్ను వేసేది 17.7 మీద. పన్ను 4.4, మిగిలేది 9.5. భారం 25 కాదు, దాదాపు 32 శాతం. ఇదే నాలుగు కోట్ల పెట్టుబడితో చూడండి. లాభం 2.9, పన్ను వేసేది 6.6 మీద, పన్ను 1.65. సగానికి పైగా పోయింది. పెట్టుబడి ఇంకొంచెం పెంచి లాభం సున్నాకు వచ్చినా పన్ను మాత్రం కట్టాల్సిందే. పలచటి లాభం మీద ఎక్కువసార్లు తిరిగే స్ట్రాటజీకే ఈ దెబ్బ ఇంత గట్టిగా తగులుతుంది.

అమెరికాలో వాష్ సేల్ నిబంధన ఉంది. నష్టానికి అమ్మిన షేరును అమ్మకానికి 30 రోజుల ముందు గానీ తర్వాత గానీ మళ్లీ కొంటే, ఆ నష్టాన్ని అప్పుడే లెక్కలోకి రానివ్వరు, కొత్తగా కొన్నదాని ఖర్చుకు కలుపుతారు. మనలా అవే షేర్లు తిప్పి తిప్పి కొనేవాళ్లకు ఇది రోజూ జరుగుతుంది. ఏడాది మధ్యలో అది తనంతట తనే సర్దుకుంటుంది. ఏడాది చివర మాత్రం డిసెంబర్ నష్టాలు తర్వాతి ఏటికి జారి, ఈ ఏటి పన్ను ఉబ్బుతుంది. దీన్ని పట్టుకోవాలంటే షేరు మొత్తంగా కాదు, కొన్న ప్రతి లాటుకూ తేదీ, ధర విడిగా రాసుకునే లెడ్జర్ ఉండాలి.

నా సలహా అడిగితే రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి ఖర్చులు తీశాక, పన్నుకు ముందు. సిగ్నల్ పనిచేస్తోందా, కొనే 20కీ అమ్మే 40కీ మధ్య బఫర్ ఎంత ఉండాలి అన్నవి దాంట్లో తేల్చండి. అన్ని ట్రేడులూ స్వల్పకాలికమే కాబట్టి పన్ను ఒక ట్రేడుకంటే ఇంకో ట్రేడును మెరుగ్గా చూపదు. రెండోది పన్ను తర్వాతది. దీంట్లో డబ్బు పెట్టాలా వద్దా అన్నది దాన్ని చూసి తేల్చండి.

ఒక ప్రశ్న వచ్చింది, వెనక నుంచి. ఇంత స్ప్రెడ్, ఇంత ఇంపాక్ట్ ఎందుకు ఇవ్వాలి, బిడ్ దగ్గర లిమిట్ ఆర్డర్ పెట్టి కూర్చుంటే పోలా అంటున్నారు. మంచి ప్రశ్న. లెక్క చూద్దాం. కొనేటప్పుడు సగం స్ప్రెడ్ ఇవ్వడానికి బదులు సగం స్ప్రెడ్ మనకే వస్తుంది, కొనుగోలు ఇంపాక్ట్ 4.4 కూడా మిగులుతుంది. బాగానే ఉంది. కానీ ఏ ఆర్డర్లు ఫిల్ అవుతాయి? మనం బిడ్ పెట్టాక ధర కిందికి వస్తేనే అవుతాయి. పెట్టీ పెట్టగానే పైకి లేచిపోయిన షేరు మనకు దొరకదు. పడిన షేరు లేస్తుందనే కదా మన స్ట్రాటజీ అంతా? పదింటిలో ఆరు ఫిల్ అయ్యాయి, వాటి సగటు లాభం 18, దొరకని నాలుగింటి సగటు 48 అనుకోండి. అన్నీ కలిపితే అదే 30. ఇప్పుడు ఫిల్ అయిన వాటి 18 తీసుకోండి. ఫీజులు ఆరు పోయాయి, కొనుగోలులో రెండు వచ్చాయి, అమ్మకంలో స్ప్రెడ్ రెండు, ఇంపాక్ట్ 4.4 పోయాయి. మిగిలింది 7.6. మార్కెట్ ఆర్డర్‌తో 11.1 మిగిలింది. పైగా డబ్బులో నాలుగు వంతులు, అంటే పదింట నాలుగు, ఖాళీగా కూర్చుంది.

బ్యాక్‌టెస్టులో లిమిట్ ధరను తాకితే చాలు, ఫిల్ అని రాస్తారు చాలామంది. క్యూలో మన ముందు ఎంతమంది ఉన్నారో తెలియనప్పుడు అలా రాయకండి. ధర మన లిమిట్ కంటే కనీసం ఒక టిక్ కిందికి దిగి ట్రేడు జరిగితేనే ఫిల్ అనండి. ఆ తర్వాత ఫిల్ కాని ఆర్డర్ల లాభాన్ని విడిగా ప్రింట్ చేయండి. అది ఫిల్ అయిన వాటి లాభం కంటే ఎంత ఎక్కువుందో, లిమిట్ ఆర్డర్‌కు మీరు కడుతున్న ధర అంత. ఆ తేడా చిన్నదైన షేర్లలో లిమిట్ పెట్టండి, పెద్దదైన చోట స్ప్రెడ్ ఇచ్చి కొనేయండి.